బెంగళూరు అద్దె ఫ్లాట్లో బాల్కనీకి వల: అనుమతి అడిగే పద్ధతి

నేను మొదటిసారి అడిగింది పావురాల వల. నాలుగు రోజుల్లో అనుమతి వచ్చింది, వారంలో వల కట్టారు. రెండు నెలలు తిరిగేసరికి అదే బాల్కనీకి, అదే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీని మళ్ళీ అడగాల్సి వచ్చింది. మా అబ్బాయికి పదహారు నెలలు నిండాయి, రెయిలింగు అడ్డ కమ్మీల మీద కాలు పెట్టి లేవడం నేర్చుకున్నాడు. ఒకరోజు ఆ వలను రెండు చేతులతో పట్టుకుని ఊగుతుంటే వెనక నుంచి చూశాను. దారం వేలికి కోసుకునేంత సన్నంగా ఉంది. మూల హుక్కు దగ్గర నా పిడికిలి సులువుగా పట్టేంత ఖాళీ ఏర్పడింది. అది పావురాన్ని ఆపుతుందేగాని పిల్లవాణ్ణి ఆపదు.

కాబట్టి అనుమతి అడిగేముందు తేల్చుకోవలసింది ఒకటుంది: మీరు అడుగుతున్నది ఏ వల? ఇంట్లో చిన్న పిల్లలుంటే, పావురాల బాధ ఎంత ఉన్నా, దరఖాస్తులో పిల్లల భద్రతా వల అనే రాయండి. పావురాల వల కన్ను దాదాపు 50 మిల్లీమీటర్లు ఉంటుంది, దారం సన్నటి నైలాన్, హుక్కులు రెండడుగులకొకటి వేసి సరిపెడతారు. పిల్లల వలకు దారం లావుగా, పేనినట్టుగా ఉంటుంది, కన్ను 25 నుంచి 40 మిల్లీమీటర్ల లోపు, హుక్కులు అడుగుకొకటి, చుట్టూ అంచుతాడు. పిల్లవాణ్ణి ఆపే వలలోంచి పావురం ఎలాగూ దూరదు. పావురాల వల పేరుతో అనుమతి తెచ్చుకుంటే మాత్రం కాగితం మీద ఆ సన్న వలే మిగులుతుంది. నాకు జరిగింది అదే. రెండోసారి వెళ్ళినప్పుడు కార్యదర్శి గారు పాత ఉత్తరం తీసి చూపించారు: "పారదర్శకమైన పావురాల వల" అని నేనే రాశాను.

కొలతలు, ఒక ఫోటో

టేపు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళండి. మాది వెడల్పు 11 అడుగులు, నేల నుంచి పైకప్పుకు తొమ్మిదిన్నర. పిట్టగోడ అడుగున్నరే, ఆ పైన మూడున్నర అడుగుల ఎత్తు దాకా స్టీలు కమ్మీలు. కమ్మీలు అడ్డంగా ఉండటమే అసలు చిక్కు, అవి పిల్లవాడికి నిచ్చెన మెట్లు. వల రెయిలింగు పైనుంచి మొదలైతే వాడు ఆ మెట్లెక్కి వల మీద బరువు వేస్తాడు. అందుకే వలను రెయిలింగుకు లోపలి వైపు, పైకప్పు నుంచి పిట్టగోడ లోపలి ముఖం దాకా దించాలనుకున్నాం. అలా చేస్తే కమ్మీలు వాడికి అందవు. ఎత్తు ఎనిమిదిన్నర, వెడల్పు 11, మొత్తం 94 చదరపు అడుగులు. చుట్టుకొలత 39 అడుగులు కాబట్టి దాదాపు 40 హుక్కులు. మాకు చెప్పిన ధర చదరపు అడుగుకు 25 రూపాయలు, అంటే 2,350. ఈ లెక్క ముందే చేతిలో ఉంటే ఓనరుకు, కమిటీకి ఒకే మాట చెప్పగలుగుతారు.

తర్వాత బాల్కనీ ఫోటో ఒకటి తీసి, హుక్కులు పడే చోట్ల ఎర్ర చుక్కలు పెట్టండి. ఫోనులో వేలితో గీసినా చాలు. ఎక్కడ రంధ్రం పడదో కూడా రాయండి. నేల మీద వేయొద్దు, కింద వాటర్‌ప్రూఫింగ్ పొర తెగితే నీరు కింది ఫ్లాటు పైకప్పులోకి దిగుతుంది. పిట్టగోడ తలమీద వేయొద్దు, వాన నీరు నేరుగా ఆ రంధ్రంలోకి పోతుంది. పిట్టగోడ లోపలి ముఖానికి వేసి, చుట్టూ సిలికాన్ పూస్తే ఆ బాధ ఉండదు. రెయిలింగు అద్దానిదైతే దాన్ని అసలు ముట్టుకోకూడదు.

ఒప్పందం చదవడం

బెంగళూరులో అద్దె ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాసుకుంటాం. అందులో యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా మార్పులు చేయరాదనే వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కొన్నిట్లో మేకులు, డ్రిల్లింగు అని విడిగా కూడా రాస్తారు. ఆ వాక్యం ఏ సంఖ్య కింద ఉందో చూసుకుని, మీ ఉత్తరంలో దాన్నే ప్రస్తావించండి. ఒప్పందం చదివి అడుగుతున్నారని తెలిస్తే ఓనరు సగం శాంతిస్తారు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకోవడం ఇక్కడ ఆనవాయితీ. ఇది గుర్తుపెట్టుకోండి. "వెళ్ళేటప్పుడు బాల్కనీకి రంగు వేయించి ఇస్తాను" అని తొందరపడి రాసేస్తే, ఆ నెల అద్దే కాక ఈ రంగు ఖర్చు కూడా మీ నెత్తినే పడుతుంది. హుక్కులు తీసి రంధ్రాలు పుట్టీతో పూడ్పిస్తాననే వరకు రాయండి. రంగు సంగతి ఒప్పందంలో ఉన్న పెయింటింగు కోతలోనే వస్తుంది.

ఓనరును అడగడం

ఓనరు భయం గోడ గురించి, ఆ గోడలోకి వచ్చే తేమ గురించి. వలను చూసి ఎవరూ భయపడరు. హుక్కుల సంఖ్య దాచితే, తర్వాత వాళ్ళు ఫ్లాటు చూడటానికి వచ్చినప్పుడు నలభై హుక్కులు కనబడతాయి. ముందే చెప్పండి. మా ఓనరు గారు కర్నూలులో ఉంటారు, బెంగళూరుకు ఏడాదికోసారి వస్తారు. ముందు ఫోన్ చేసి విషయం చెప్పి, ఆ వెంటనే ఈ సందేశం పంపాను:

"నమస్కారమండీ. ఇందాక ఫోన్లో అనుకున్న విషయం. బాబు బాల్కనీ కమ్మీలు ఎక్కుతున్నాడు. లోపలి వైపు నుంచి పిల్లల భద్రతా వల కట్టించుకుంటాను. పైకప్పుకు, రెండు పక్క గోడలకు, పిట్టగోడ లోపలి ముఖానికి కలిపి దాదాపు 40 హుక్కులు పడతాయి. నేలకు, రెయిలింగుకు, బయటి గోడకు రంధ్రం పడదు. ఖర్చంతా నాది. ఖాళీ చేసేటప్పుడు మీరు ఉంచమంటే ఉంచుతాను, తీయమంటే తీయించి రంధ్రాలు పుట్టీతో పూడ్పిస్తాను. అసోసియేషన్‌కు దరఖాస్తు మీ పేరుతో వెళ్ళాలి, అది రాసి జతచేశాను. హుక్కుల చోట్లు ఫోటోలో గుర్తుపెట్టాను."

ఆయన బొటనవేలి బొమ్మ ఒకటి పంపారు. అది చాలదు. మళ్ళీ ఫోన్ చేసి, "అసోసియేషన్ వాళ్ళు మీ మెయిల్ అడుగుతారండీ, ఒక్క వాక్యం రాయండి చాలు" అన్నాను. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. అలా ఒక వాక్యం వచ్చాక దాన్ని ఒప్పందం కాగితాలతో పాటు దాచండి. ఓనరు భార్యాభర్తల ఉమ్మడి పేరు మీద ఇల్లుంటే, ఎవరు ఒప్పందం మీద సంతకం చేశారో వాళ్ళ నుంచే జవాబు తీసుకోండి.

అసోసియేషన్‌ను అడగడం

ఓనరు ఒప్పుకున్నారుగా, ఇక మా ఇష్టం అనుకోవద్దు. ఫ్లాట్లకు వర్తించే కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం 1972 ప్రకారం ప్రధాన గోడలు, దూలాలు, స్తంభాలు ఉమ్మడి ఆస్తి కిందికి వస్తాయి. కొన్ని అసోసియేషన్లు ఆ చట్టం కింద, కొన్ని 1960 నాటి సొసైటీల చట్టం కింద నమోదై ఉంటాయి. మీ పనికి కావలసింది మాత్రం వాళ్ళ బైలా కాగితం. అందులో భవనం బయటి రూపం, బాల్కనీ, గ్రిల్ అనే మాటలు వెతకండి. బైలాలో లేకపోతే కమిటీ పాత సర్క్యులర్లలో ఉంటుంది. మా దాంట్లో బాల్కనీకి ఇనుప గ్రిల్ వేయకూడదని ఉంది, వల సంగతి ఎక్కడా లేదు.

అద్దెకున్నవాళ్ళు చాలా చోట్ల అసోసియేషన్‌లో సభ్యులు కారు. కాబట్టి దరఖాస్తు ఓనరు మెయిలు నుంచి, మీకు ఒక ప్రతి వచ్చేలా వెళ్ళాలి. భాష ఇంగ్లీషే మేలు, కమిటీలో కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్ళందరూ చదవాలి కదా. కార్యదర్శి గారిని మాత్రం ఒకసారి స్వయంగా కలిసి, రెండు ముక్కలు కన్నడలో మాట్లాడండి. మనవాళ్ళకు కన్నడ లిపి చదవడం పెద్ద కష్టం కాదు, రెండు మాటలు మాట్లాడటం అంతకన్నా కష్టం కాదు.

కమిటీకి మూడు అభ్యంతరాలుంటాయి. వాళ్ళు అడగకముందే ఉత్తరంలో జవాబు ఉంటే పని తొందరగా అవుతుంది.

మొదటిది రూపం. పచ్చ వల, నీలం వల దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడతాయి. తెలుపు ఎండకు మెరుస్తుంది. నల్ల దారం బాల్కనీ లోపలి నీడలో కలిసిపోతుంది. ఇది నేను మాటలతో చెబితే వాళ్ళు నమ్మలేదు. కాంట్రాక్టరు దగ్గర అడుగు పొడవున్న నల్ల ముక్క, తెల్ల ముక్క అడిగి తెచ్చి, రెండిటినీ పక్కపక్కనే రెయిలింగుకు లోపల కట్టి, కింద గేటు దగ్గర నుంచి ఫోటో తీశాను. ఏడో అంతస్తులో తెల్ల ముక్క చిన్న మచ్చలా కనబడింది, నల్లది కనబడలేదు. ఆ ఫోటో మెయిలుకు జత చేశాక రూపం గురించి ఇంకెవరూ మాట్లాడలేదు.

రెండోది ప్రమాదం. అగ్నిప్రమాదం జరిగితే బాల్కనీ నుంచి మనుషుల్ని దించాల్సి రావచ్చు, అందుకే ఇనుప గ్రిల్ వద్దంటారు. ఇది నిజమైన అభ్యంతరం, తోసిపుచ్చొద్దు. నైలాన్ వల కత్తెరతో తెగుతుందని రాయండి. కనబడని గ్రిల్ పేరుతో అమ్మే స్టీలు తీగలు వంటింటి కత్తెరకు లొంగవు, ఆ ప్రశ్నకు మీ దగ్గర తీగ కట్టర్ ఉండాలి. నేను వలనే ఎంచుకున్నదానికి ఇది ఒక కారణం, ధర రెండో కారణం. ఇక పని చేసేవాళ్ళ ప్రమాదం. వల కట్టే కుర్రాళ్ళు పిట్టగోడ మీద ఒట్టి కాళ్ళతో నిలబడి డ్రిల్ పట్టడం మీరు చూసే ఉంటారు. లోపలి నుంచి కడితే ఆ అవసరం చాలా వరకు తప్పుతుంది. "పని మొత్తం బాల్కనీ లోపలి నుంచే, బెల్టు కట్టుకునే జరుగుతుంది" అన్న వాక్యం ఉత్తరంలో పెట్టి, నిజంగానే అలా చేయించండి.

మూడోది, "మీకిస్తే అందరూ అడుగుతారు" అనడం. దీనికి మా ఇంట్లో వాళ్ళు చెప్పిన సలహా "నాలుగో అంతస్తు వాళ్ళకుంది కదా, ఫ్లాటు నంబరు రాయి" అని. రాయొద్దు. వాళ్ళు అనుమతి లేకుండా కట్టించుకుని ఉంటే, మీ ఉత్తరం వాళ్ళ మీద ఫిర్యాదు అవుతుంది, ఆ తర్వాత లిఫ్టులో మొహాలు తిప్పుకోవడమే. నేను కింద నిలబడి మా బ్లాకులో వలలున్న బాల్కనీలు లెక్కపెట్టాను, పదకొండు తేలాయి. ఉత్తరంలో "బ్లాకులో ఇప్పటికే ఉన్న వలల తరహాలోనే" అని మాత్రం రాశాను. అంతకన్నా మంచి దారి, ఇలాంటి వలకు కమిటీయే ఒక నమూనా, ఒక రంగు ఖాయం చేయమని అడగడం. అప్పుడు తర్వాత అడిగేవాళ్ళు కమిటీకి తలనొప్పి కారు.

కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. మాది రెండో ఆదివారం. ఆ రోజుకు కనీసం నాలుగు రోజుల ముందు మెయిలు చేరాలి, లేకపోతే మరో నెల. రెండోసారి నాకు అనుమతి రావడానికి 19 రోజులు పట్టింది. ఆ రోజుల్లో బాల్కనీ జారుడు తలుపుకు, మేకు కొట్టనవసరం లేకుండా పట్టుకునే తాళం ఒకటి పిల్లవాడికి అందని ఎత్తులో బిగించాం. బాల్కనీలోని కుర్చీ, బకెట్టు, కుండీల స్టాండు లోపలికి తెచ్చేశాం. వల కట్టాక కూడా ఆ కుర్చీని మళ్ళీ అక్కడ వేయలేదు.

కాదంటే

కారణం ఏ నిబంధన కింద చెబుతున్నారో మెయిలులో రాయమని అడగండి, నెమ్మదిగా. చాలాసార్లు ఆ నిబంధన బయటి గోడకు సంబంధించినదై ఉంటుంది. మీ వల బయటి గోడను తాకనప్పుడు, కొలతల ఫోటో ఎదురుగా పెట్టి మళ్ళీ చూడమనండి. రూపమే అభ్యంతరమైతే ఏ రంగు, ఏ నమూనా అయితే ఒప్పుకుంటారో అడగండి. చిన్న పిల్లలున్న మరో రెండు మూడు కుటుంబాలు కలిసి అడిగితే అది ఒక ఇంటి విషయంగా ఉండదు, కమిటీ ఎజెండాలోకి వస్తుంది. తేలేవరకు, డ్రిల్ లేకుండా రెయిలింగు లోపలి వైపు పూర్తి ఎత్తుకు వల పరిచి, ప్లాస్టిక్ కట్లతో కమ్మీలకు బిగించుకోవచ్చు. అది కమ్మీల మధ్య సందులు మూస్తుంది, కాలు మోపే చోటు కొంత తగ్గిస్తుంది. పైన ఖాళీ అలాగే ఉంటుంది కాబట్టి తలుపు తాళం తీసేయొద్దు.

గూడు ఉంటే

పని రోజుకు ముందు మూలలన్నీ చూడండి. మాకు హాలు బాల్కనీ ఖాళీగా ఉంది గాని, వెనక బట్టలుతికే బాల్కనీలో ఏసీ పెట్టె వెనక గూడు ఉంది. గూడంటే నాలుగు చీపురు పుల్లలు, ఒక తీగ ముక్క, మధ్యలో రెండు తెల్లటి గుడ్లు. కాంట్రాక్టరు కుర్రాడు చీపురు అందుకున్నాడు, మా ఆవిడ వద్దంది. పావురం గుడ్లు పొదగడానికి 18 రోజుల దాకా, పిల్లలు ఎగరడానికి మరో నెల పడుతుంది. మేము ఆ బాల్కనీని వాయిదా వేసి, హాలు బాల్కనీకే ముందు కట్టించాం. పిల్లలు ఎగిరిపోయాక అక్కడ కడిగించాం. ఎండిన రెట్టను పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్ళు చల్లి, మాస్కు కట్టుకుని, తడిగానే తీయాలి. ఆ గూడు ఖాళీ కాకముందే వల కట్టి ఉంటే తల్లి పక్షి బయట, పిల్లలు లోపల మిగిలేవి. లేదా వలలో చిక్కుకుని వేలాడేది, అది ఏడో అంతస్తులో విడిపించగలిగే పని కాదు.

కట్టే రోజు

అనుమతి మెయిలు కాపీని సెక్యూరిటీ గేటులో ముందు రోజే ఇవ్వండి. డ్రిల్లుకు పని వేళలుంటాయి. మాకు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా, ఆదివారం పని లేదు. పక్కింటివాళ్ళకు, కింది ఇంటివాళ్ళకు ఒక మాట చెప్పండి, డ్రిల్లు శబ్దం మీ గోడలోనే ఆగిపోదు.

డబ్బు ఇచ్చేముందు మూడు చోట్ల చేత్తో చూడండి. వల మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కితే కొంచెం వంగి వెనక్కి రావాలి, సంచిలా సాగకూడదు. సాగే వలలోనే పక్షులు చిక్కుకుంటాయి. రెండు హుక్కుల మధ్య, ముఖ్యంగా మూలల్లో, పిడికిలి దూరకూడదు. హుక్కును వేళ్ళతో పట్టుకుని తిప్పితే తిరగకూడదు, తిరిగితే ప్లగ్గు సరిగ్గా కూర్చోలేదు. మా దగ్గర నలభైలో మూడు తిరిగాయి, ప్లాస్టరు పొర దాటని రంధ్రాలు. అవి మళ్ళీ లోతుగా వేయించి, పాత పావురాల వల రంధ్రాలు ఇరవైలో పనికొచ్చేవి వాడుకుని, మిగిలినవి అక్కడికక్కడే పూడ్పించాను. హుక్కులు స్టీలువే అడగండి. ఇనుపవైతే ఒక వర్షాకాలానికే కింద తుప్పు చారలు పడతాయి, ఆ చారలు చూసి ఓనరు మళ్ళీ మాట్లాడాల్సి వస్తుంది.

పని అయ్యాక అదే కోణం నుంచి ఫోటో తీసి, ఓనరుకు, కమిటీకి పంపండి. నైలాన్ ఎండకు పెళుసవుతుంది, కాబట్టి ఏడాదికోసారి దారం గరుకుగా మారిందా, ముడులు జారుతున్నాయా అని చూసుకోండి. వలను అదే తరహాలో మార్చడానికి మళ్ళీ అనుమతి అక్కర్లేదని మొదటి ఉత్తరంలోనే ఒక వాక్యం పెట్టించుకుంటే ఆ పని సులువవుతుంది.

ఇక 11 నెలలకు ఒప్పందం తిరగరాసేటప్పుడు, కొత్త కాగితంలో వల సంగతి, దాన్ని ఉంచాలా తీయాలా అన్నది ఒక వాక్యంగా చేర్పించండి. ఓనరు ఇల్లు అమ్మేస్తే, కొత్త ఓనరుకు మీరు చూపించగలిగేది ఆ కాగితమే.